క్లోజింగ్ చేసినవాడే ఓపెనింగ్‌కి రాకుండా: 8, 10, 11, 12 గంటల్లో ఏ గ్యాప్ పెట్టుకోవాలి?

బెంగళూరులో కుందలహళ్లి వైపు ఒక ఆంధ్రా హోటల్లో నేను మేనేజరుగా ఉన్నప్పుడు ఒక సోమవారం పొద్దున ఇడ్లీ పాత్ర మాడిపోయింది. అడుగున నీళ్లు పోయకుండా స్టవ్ వెలిగించారు. వెలిగించిన కుర్రాడు కొత్తవాడు కాదు, మూడేళ్లుగా అదే పని చేస్తున్నాడు. ముందు రాత్రి పదకొండున్నర దాటాక షట్టర్ దించి వెళ్లింది కూడా అతనే. పాత్ర ఖరీదు అతని జీతంలో కోయమన్నారు ఓనరు గారు. నాకు మాత్రం నోరు రాలేదు, ఎందుకంటే రోస్టర్ రాసింది నేను. ఆదివారం క్లోజింగ్ ఒక కాగితం మీద, సోమవారం ఓపెనింగ్ ఇంకో కాగితం మీద ఉన్నాయి. రెండు చోట్లా ఒకే పేరు ఉందని నా కంటికి ఆనలేదు.

ఆ తర్వాత రెండు షిఫ్టుల మధ్య కనీస గ్యాప్ ఎంత ఉండాలో ఒక రూలు పెట్టుకుందామని కూర్చున్నాం. 8 గంటలు చాలన్నవారు ఉన్నారు, 12 ఉండాలన్నవారు ఉన్నారు. ఇంత గొడవ ఎందుకు, 'రాత్రి మూసినవాడు పొద్దున తెరవకూడదు' అని ఒక్క ముక్క రాస్తే సరిపోతుందన్నవారూ ఉన్నారు. బెంగళూరులో పొద్దున టిఫిన్, రాత్రి భోజనం రెండూ నడిపే హోటల్ మీదైతే, మీరు కూడా తేల్చుకోవాల్సింది వీటి మధ్యే.

ముందు మీ రోస్టర్‌లో ఏ గ్యాపులు ఉన్నాయో చూడండి

అంకె గురించి వాదించే ముందు ఒక చిన్న పని చేయండి. మీ దగ్గర నడిచే షిఫ్టులు రాసుకుని, ఒక దాని తర్వాత మర్నాడు ఇంకొకటి వేస్తే మధ్యలో ఎన్ని గంటలు మిగులుతాయో లెక్క వేయండి. మా హోటల్లో మూడు షిఫ్టులు ఉండేవి. ఓపెనింగ్ పొద్దున 6 నుంచి మధ్యాహ్నం 3 వరకు. మధ్య షిఫ్ట్ 11 నుంచి రాత్రి 8 వరకు. క్లోజింగ్ మధ్యాహ్నం 2:30 నుంచి రాత్రి 11:30 వరకు. మూడింటిలోనూ గంట విరామం ఉంటుంది.

క్లోజింగ్ తర్వాత మర్నాడు ఓపెనింగ్ వేస్తే గ్యాప్ ఆరున్నర గంటలు. క్లోజింగ్ తర్వాత మధ్య షిఫ్ట్ వేస్తే పదకొండున్నర. మధ్య షిఫ్ట్ తర్వాత ఓపెనింగ్ వేస్తే 10 గంటలు. క్లోజింగ్ తర్వాత మళ్లీ క్లోజింగ్ అయితే 15. మిగతావన్నీ 15 గానీ అంతకంటే ఎక్కువ గానీ.

ఇది రాసుకున్నాక మా వాదనలో సగం అక్కడే అయిపోయింది. కాగితం మీద మా హోటల్లో 8 అన్నా, 9 అన్నా, 10 అన్నా ఒకటే. మూడూ ఆరున్నర గంటల గ్యాప్‌ను మాత్రమే ఆపుతాయి, మిగతా అన్నింటినీ వదిలేస్తాయి. 11 పెడితే మధ్య షిఫ్ట్ చేసి రాత్రి 8కి వెళ్లినవాడు మర్నాడు 6కి రాకూడదు. 12 పెడితే క్లోజింగ్ చేసినవాడు మర్నాడు మధ్య షిఫ్ట్‌కి కూడా రాకూడదు. అంటే అతనికి మళ్లీ క్లోజింగ్ అయినా ఇవ్వాలి, లేదా ఆఫ్ అయినా ఇవ్వాలి. మీ షిఫ్టుల వేళలు వేరైతే ఈ మెట్లు కూడా వేరే చోట పడతాయి. అందుకే పక్క హోటల్ వాళ్లు 10 పెట్టుకున్నారని మీరూ 10 పెట్టుకుంటే పని జరగొచ్చు, జరగకపోవచ్చు.

గ్యాప్‌లో నిద్రకు మిగిలేది ఎంత

గ్యాప్ అంటే నిద్ర కాదు. అందులోంచి ముందు రానుపోను ప్రయాణం పోవాలి. రూముకి చేరాక స్నానం, తిండి, ఇంటికి ఒక ఫోను కలిపి గంట వేసుకోండి. పొద్దున లేచి తయారవడానికి అరగంట. నేను ఒకరిద్దరితో కూర్చుని లెక్క వేస్తే ఇంతకంటే ఎక్కువే తేలింది కానీ, తక్కువ వేసుకుందాం.

హోటల్‌కి 45 నిమిషాల దూరంలో ఉండేవాడికీ, వెనక సందులో స్టాఫ్ రూములో ఉండి 10 నిమిషాల్లో నడిచి వచ్చేవాడికీ లెక్క ఇలా తేలుతుంది:

| గ్యాప్ | 45 నిమిషాల దూరం | 10 నిమిషాల దూరం |
|---|---|---|
| 6 గం. 30 ని. | 3 గం. 30 ని. | 4 గం. 40 ని. |
| 8 గం. | 5 గం. | 6 గం. 10 ని. |
| 10 గం. | 7 గం. | 8 గం. 10 ని. |
| 11 గం. | 8 గం. | 9 గం. 10 ని. |

పెద్దవాళ్లకు రోజుకు కనీసం 7 గంటల నిద్ర కావాలని డాక్టర్లు చెప్తారు. ఆ లెక్కన 8 గంటల గ్యాప్ రూములో ఉండేవాడికి కూడా చాలదు. 10 గంటలు దూరం నుంచి వచ్చేవాడికి సరిగ్గా సరిపోతుంది, కానీ నిమిషం కూడా మిగలదు.

ఆ 45 నిమిషాలు కూడా పగటి లెక్క. రాత్రి 11:30కి బయటపడితే మెట్రో దొరకడం కష్టం, బీఎంటీసీ బస్సులు అప్పటికి బాగా పలచబడతాయి. కె.ఆర్.పురం అవతల ఉండేవాడు ఇద్దరు ముగ్గురిని పోగేసుకుని ఆటో మాట్లాడుకోవాలి, లేదా బండి ఉన్నవాడి కోసం ఆగాలి. ఆదివారం పొద్దునైతే ఇంకో చిక్కు: ఆ రోజు మెట్రో 7కి గానీ మొదలవదు. 6 గంటల ఓపెనింగ్‌కి దూరం నుంచి వచ్చేవాడు ఆదివారాల్లో మామూలు కంటే ముందే లేచి బయల్దేరాలి. కాబట్టి మీవాళ్లను ప్రయాణం ఎంత పడుతుందని అడిగేటప్పుడు 'రాత్రి పదకొండున్నరకి ఎంత, ఆదివారం పొద్దున ఎంత' అని అడగండి. ఊరికే అడిగితే పగటి అంకె చెప్తారు.

చట్టం అడ్డుపడుతుందా?

పడదు. అందుకే ఈ రూలు మనమే పెట్టుకోవాలి. హోటళ్లకు వర్తించే 1961 నాటి కర్ణాటక షాపులు, వాణిజ్య సంస్థల చట్టం రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటల పని అని హద్దు పెట్టింది. విరామంతో కలిపి ఒక రోజు పని 12 గంటలకు మించి సాగకూడదని కూడా చెప్పింది. కానీ రోజును లెక్కించేది అర్ధరాత్రి నుంచి. ఆదివారం మధ్యాహ్నం 2:30 నుంచి రాత్రి 11:30 దాకా ఒక రోజు లెక్క, సోమవారం పొద్దున 6 నుంచి 3 దాకా ఇంకో రోజు లెక్క. రెండూ విడివిడిగా చట్టం లోపలే ఉన్నాయి. మధ్యలోని ఆరున్నర గంటలు ఏ రోజు లెక్కలోనూ పడవు.

ఆ 12 గంటల హద్దు ఒక చోట మాత్రం బాగా పనికొస్తుంది. కొన్ని హోటళ్లలో బ్రేక్ షిఫ్ట్ ఉంటుంది: పొద్దున 7 నుంచి 11, మళ్లీ సాయంత్రం 7 నుంచి రాత్రి 11. పని 8 గంటలే కదా అంటారు. కానీ ఆ మనిషి రోజు 16 గంటలు సాగింది, మర్నాటికి మిగిలింది 8 గంటలు. ఇది రాత్రి మూసి పొద్దున తెరవడమే, ప్రతి రోజూ. బ్రేక్ షిఫ్ట్ తప్పదనుకుంటే 10:30 నుంచి 3, మళ్లీ 7 నుంచి 10:30 పెట్టండి. రోజు 12 గంటల్లో ముగుస్తుంది, రాత్రికి 12 గంటల గ్యాప్ దానంతటదే వస్తుంది.

బయటి దేశాల్లో ఈ అంకెను చట్టంలోనే రాసుకున్నవారు ఉన్నారు. యూరోపియన్ యూనియన్‌లో 2003 నాటి పనివేళల నిబంధన ప్రకారం ప్రతి 24 గంటల్లో వరసగా 11 గంటల విశ్రాంతి ఉండాలి. అమెరికాలో ఊరికో తీరు: ఆరెగాన్ రాష్ట్రంలో రిటైల్, హోటల్, ఆహార రంగాల్లోని పెద్ద సంస్థలకు 10 గంటలు, న్యూయార్క్ నగరంలో ఫాస్ట్‌ఫుడ్ దుకాణాలకు 11. మన హోటళ్లకు అవేవీ వర్తించవు కానీ, అందరూ 10, 11 దగ్గరే ఎందుకు ఆగారో పై పట్టిక చూస్తే అర్థమవుతుంది.

అంకె ఎంచుకోవడం

8 గంటల రూలును నేను ఎవరికీ చెప్పను. నిద్ర చాలకపోవడం ఒక్కటే కారణం కాదు. ఆ రూలు ఉన్న చోట మేనేజరు చేసే పని నాకు తెలుసు, ఎందుకంటే నేనే చేశాను. 11:30కి క్లోజింగ్ చేసినవాడిని మర్నాడు 6కి కాకుండా 7:30కి రమ్మంటాడు. సరిగ్గా 8 గంటలు. రూలు తప్పలేదు, మనిషి మాత్రం రూములో 6 గంటలు పడుకుని వస్తున్నాడు. వారంలో ఒకసారి అయితే ఫరవాలేదనిపిస్తుంది. అది వారానికి మూడుసార్లు అయ్యేదాకా ఎవరూ గమనించరు.

12 వినడానికి బాగుంటుంది. మా హోటల్లో అది పెడితే క్లోజింగ్ వాళ్లు క్లోజింగ్‌లోనే ఉండిపోతారు. మధ్య షిఫ్ట్‌ను 11:30కి జరిపితే సరిపోతుంది కదా అనొచ్చు. కానీ మధ్యాహ్నం రద్దీ పన్నెండున్నరకు మొదలవుతుంది. ఆకులు, నీళ్లు, పొడులు, నెయ్యి టేబుళ్ల మీదికి చేరాలంటే 11కే మనిషి ఉండాలి. మధ్య షిఫ్ట్ లేని హోటళ్లకు, ముఖ్యంగా వంటవాళ్లకు ఓపెనింగ్ బ్యాచ్, క్లోజింగ్ బ్యాచ్ వేర్వేరుగా ఉన్న చోట 12 హాయిగా నడుస్తుంది.

ఇక మిగిలింది 10కీ 11కీ మధ్య పోటీ. ఇక్కడ తేడా తెచ్చేది క్లోజింగ్ ఆలస్యం. కాగితం మీద 11:30 అని ఉన్నా శుక్ర, శనివారాల్లో చివరి టేబుల్ లేచేసరికే పన్నెండు అవుతుంది. ఐపీఎల్ రాత్రుల్లో పార్సిల్ ఆర్డర్లు ఆగవు. క్యాష్ టాలీ, గల్లా, షట్టర్ అయ్యేసరికి 12:15. అతను మర్నాడు 11కి మధ్య షిఫ్ట్‌కి వస్తే గ్యాప్ పదిముప్పావు. 11 గంటల రూలును కచ్చితంగా పాటిస్తే వారానికి రెండుసార్లు రూలు తప్పుతుంది. వారానికి రెండుసార్లు తప్పే రూలును మూడో వారం ఎవరూ పట్టించుకోరు.

అందుకని మేము రెండు అంకెలు పెట్టుకున్నాం. రోస్టర్ రాసేటప్పుడు 11 కంటే తక్కువ గ్యాప్ రాయకూడదు. నిజంగా జరిగినప్పుడు 10 కంటే తగ్గకూడదు. మధ్యలో ఉన్న గంట క్లోజింగ్ ఆలస్యానికి వదిలిన జాగా. క్లోజింగ్ ఒంటిగంట దాటితే, ఎంత దాటితే అంత ఆలస్యంగా మర్నాడు రావాలి. ఒంటిగంటన్నరకి వెళ్లినవాడు పదకొండున్నరకి వస్తాడు. ఆ అరగంట జీతం కోయకూడదు. ఇది పెద్ద మనసు సంగతి కాదు. కోస్తే ఏం జరుగుతుందో కింద చెప్తాను.

రూలు ఏ రూపంలో పెట్టాలి

'మూసినవాడు తెరవకూడదు' అన్న ఒక్క వాక్యం రూలు బాగుంటుంది, అందరికీ గుర్తుంటుంది. పది మంది లోపు ఉన్న చిన్న హోటల్‌కి అదే చాలు. కానీ దానికి క్లోజింగ్ ఆలస్యం కనిపించదు, బ్రేక్ షిఫ్ట్ కనిపించదు. క్లీనర్ కూడా కనిపించడు. క్యాషియర్ 11:45కి వెళ్తే, వంటగది కడిగి చెత్త బయటపెట్టేవాడు వెళ్లేసరికి 12:20 అవుతుంది. రోస్టర్‌లో మాత్రం ఇద్దరిదీ 'క్లోజింగ్' అనే ఉంటుంది. గంటల రూలు వీటన్నింటినీ పట్టుకుంటుంది, కాకపోతే ఎవరో ఒకరు లెక్క చూస్తూ ఉండాలి.

ఇంకో దారి, ఒప్పుకున్నవాడికి డబ్బులిచ్చి రమ్మనడం. న్యూయార్క్ రూలులో ఇది ఉంది: ఉద్యోగి రాతపూర్వకంగా ఒప్పుకుంటే 11 గంటల లోపు మళ్లీ పనికి రావచ్చు, అందుకు యజమాని 100 డాలర్లు అదనంగా ఇవ్వాలి. ఆరెగాన్‌లో ఆ గ్యాప్‌లో చేసిన గంటలకు ఒకటిన్నర రెట్లు. అక్కడ ఆ డబ్బు యజమానిని వెనకాడేలా చేయడానికి పెట్టింది. మన దగ్గర అది తిరగబడుతుందని నా అనుభవం. మదనపల్లె నుంచో, హిందూపురం నుంచో వచ్చి ఇంటికి డబ్బు పంపే కుర్రాడు ఎప్పుడు అడిగినా 'వస్తానన్నా' అనే అంటాడు. మూడొందలకీ అంటాడు, రెండొందలకీ అంటాడు. వారం వారం అదే కుర్రాడు అంటాడు. కాబట్టి దీన్ని రోజువారీ రూలుగా పెట్టకండి. అత్యవసరానికి ఉంచుకోండి, అదీ ఒక మనిషికి నెలలో ఒకసారికి మించకుండా.

బ్యాచ్‌లు విడదీయడం నాలుగో దారి. ఒక నెల ఓపెనింగ్, ఒక నెల క్లోజింగ్. గ్యాప్ తప్పే సందర్భం నెలకు ఒక్కసారే వస్తుంది, బ్యాచ్ మారే రోజు. ఆ రోజు క్లోజింగ్ నుంచి ఓపెనింగ్‌కి వెళ్లేవాళ్లకు మధ్యలో వీక్లీ ఆఫ్ పడేలా చూస్తే చాలు. అయితే రాత్రి 11:30కి వెళ్లి, ఆఫ్ తీసుకుని, ఎల్లుండి పొద్దున 6కి వస్తే అతనికి దొరికింది ముప్పైన్నర గంటలే. కాగితం మీద పూర్తి రోజు, మనిషికి ఒక నిద్ర, ఒక పగలు, మళ్లీ తొందరగా పడుకోవడం. వీలైతే ఆ వారం ఆఫ్ తర్వాత మధ్య షిఫ్ట్ వేసి, ఆ తర్వాత ఓపెనింగ్‌లోకి దించండి. మధ్య షిఫ్ట్ నుంచి ఓపెనింగ్‌కి గ్యాప్ 10 గంటలే వస్తుంది కనుక, దించే రోజు అతన్ని రాత్రి 7కే పంపేయాలి.

మేము ఎంచుకున్నది కలగలుపు: వడ్డించే సప్లయర్లకు గంటల రూలు, వంటవాళ్లకు విడి బ్యాచ్‌లు. అసలు తంటా మాత్రం వాళ్లతో రాలేదు. కౌంటర్ దగ్గర వచ్చింది.

ఇద్దరే ఉన్న పోస్టు

పన్నెండు మంది సప్లయర్లు ఉంటే ఒకరిని అటూ ఇటూ జరపొచ్చు. తాళాలు, గల్లా చేతిలో ఉండే క్యాషియర్లు మాత్రం ఎక్కడైనా ఇద్దరే ఉంటారు. ఒకరు ఓపెనింగ్, ఒకరు క్లోజింగ్. ఇద్దరూ ఉన్న రోజుల్లో ఏ గొడవా లేదు. ఓపెనింగ్ క్యాషియర్ ఆఫ్ రోజున పొద్దున ఎవరు తెరవాలి? ముందు రాత్రి మూసిన రెండో క్యాషియర్. అంటే రోస్టర్ ఎంత బాగా రాసినా వారానికి ఒకసారైనా ఆరున్నర గంటల గ్యాప్ రాసిపెట్టి ఉన్నట్టే. పైగా ఆ రోజు రాత్రి మళ్లీ మూయాల్సింది కూడా అతనే, లేదా ఓనరు వచ్చి కూర్చోవాలి. ఇద్దరితో ఏ గంటల రూలూ నిలబడదు. మూడో మనిషి కావాలి.

కొత్తగా ఎవరినీ పెట్టుకోనక్కర్లేదు. నమ్మకమైన ఒక సీనియర్ సప్లయర్‌కి బిల్లింగ్, గల్లా లెక్క నేర్పితే చాలు. మేము అదే చేశాం. నేర్పడానికి రెండు వారాలు పట్టింది. అయినా మొదటి వారమే మళ్లీ గ్యాప్ తప్పింది. కారణం ఆఫ్‌ల వరస.

క్లోజింగ్ క్యాషియర్‌కి మంగళవారం ఆఫ్, ఓపెనింగ్ క్యాషియర్‌కి బుధవారం ఆఫ్ ఉండేది. మూడో మనిషి మంగళవారం క్లోజింగ్ వాడి బదులు కూర్చుని రాత్రి 11:30కి మూశాడు. బుధవారం ఓపెనింగ్ వాడి బదులు పొద్దున 6కి తెరిచాడు. మొదట ఇద్దరిలో ఒకరికి ఉన్న బాధ మూడోవాడి నెత్తిన పడింది, అంతే.

ఆఫ్‌లు తారుమారు చేస్తే తీరిపోయింది. ఓపెనింగ్ క్యాషియర్‌కి మంగళవారం, క్లోజింగ్ క్యాషియర్‌కి బుధవారం. ఇప్పుడు మూడో మనిషి మంగళవారం 6కి తెరిచి 3కి వెళ్తాడు. బుధవారం 2:30కి వచ్చి రాత్రి 11:30కి మూస్తాడు. మధ్యలో ఇరవై మూడున్నర గంటలు. గురువారం పొద్దున ఓపెనింగ్ క్యాషియర్ తన పనిలో ఉన్నాడు కాబట్టి మూడో మనిషి 11కి మధ్య షిఫ్ట్‌కి వస్తాడు, గ్యాప్ పదకొండున్నర. శుక్ర, శని, ఆదివారాలు కూడా మధ్య షిఫ్టే, సప్లయర్‌గా. సోమవారం ఆఫ్. ఆదివారం రాత్రి 8కి వెళ్లినవాడు మంగళవారం 6కి వస్తాడు, 34 గంటలు. వారం మొత్తంలో ఎక్కడా 11 కంటే తక్కువ లేదు, ఒక్క మనిషి కూడా పెరగలేదు. ఓపెనర్ ఆఫ్ ముందు రోజు, క్లోజర్ ఆఫ్ తర్వాతి రోజు. దోసె మాస్టర్లు ఇద్దరే ఉన్న చోట కూడా ఇదే వరస పనిచేసింది.

గ్యాప్‌ను ఎక్కడి నుంచి కొలవాలి

చివరి బిల్లు నుంచా, షట్టర్ నుంచా, పంచ్ నుంచా? మనిషి హోటల్ వదిలిన నిమిషం నుంచి కొలవాలి. పంచ్ మిషన్ అదే చూపిస్తుందనుకుంటాం. జీతం కోస్తామన్న భయం ఉన్న చోట చూపించదు. ఒంటిగంట దాటితే మర్నాడు ఆలస్యంగా రావాలి, ఆ అరగంట డబ్బు పోతుంది అంటే, మనవాళ్లు 11:30కి వేలు పెట్టి పంచ్ కొట్టి, వెనక్కి వచ్చి టేబుళ్లు తుడుస్తారు. మీకు రిజిస్టర్‌లో అన్నీ పదకొండున్నర గంటల గ్యాపులే కనిపిస్తాయి.

ఇది జరుగుతోందో లేదో తెలుసుకోవడం తేలిక. రాత్రి చివరి బిల్లు టైము, చివరి యూపీఐ చెల్లింపు టైము తీసి పంచ్ పక్కన పెట్టండి. చివరి బిల్లు 11:50కి కొట్టి ఉండి, క్లోజింగ్ వాళ్లందరి పంచ్ 11:30, 11:32, 11:33 అని ఉంటే మీ రిజిస్టర్ అబద్ధం చెప్తోంది. నెలలో ఒక శనివారానికి చూసినా తెలిసిపోతుంది.

రోస్టర్‌ను షీట్‌లో రాసేవారు ఒక చిన్న ఫార్ములాతో సరిచూసుకోవచ్చు. మొదటి కాలమ్‌లో పేరు, రెండో దాంట్లో షిఫ్ట్ మొదలు, మూడో దాంట్లో ముగింపు. తేదీ, టైము రెండూ ఒకే గడిలో ఉండాలి. తేదీ లేకుండా టైము ఒక్కటే రాస్తే రాత్రి 11:30 నుంచి పొద్దున 6 వరకు లెక్క మైనస్‌లోకి పోతుంది. ముందు పేరు వరసలో, తర్వాత తేదీ వరసలో అమర్చి, నాలుగో కాలమ్ మూడో వరస నుంచి ఇది పెట్టి కిందికి లాగండి:

```
=IF(A3=A2, IF(ROUND((B3-C2)*24,2)<11,"GAP","OK"), "")
```

పై వరస, కింది వరస ఒకే మనిషివైతే మధ్యలో గంటలు లెక్కపెట్టి 11 కంటే తక్కువైన చోట `GAP` అని చూపిస్తుంది. `ROUND` ఎందుకంటే, సరిగ్గా 11 గంటలు వచ్చిన చోట షీటు లోపలి దశాంశాల వల్ల ఒక్కోసారి దొంగ హెచ్చరిక వస్తుంది. ముఖ్యమైన సంగతి: గత వారం చివరి రెండు రోజులు చెరిపేయకుండా షీట్‌లోనే ఉంచండి. నా ఇడ్లీ పాత్ర మాడింది ఆదివారానికీ సోమవారానికీ మధ్యనే.

షిఫ్టులు మార్చుకోవడం ఇంకో కన్నం. 'అన్నా, రేపు వాడి బదులు నేను వస్తా, మా ఊరి జాతరకి వాడు పోవాలంట' అంటారు. మంచి మాటే. కానీ ఒప్పుకునే ముందు ఇద్దరి పేర్ల మీదా, ముందు రోజూ తర్వాతి రోజూ గ్యాప్ చూడాలి. మనం చూసేది సాధారణంగా ఊరెళ్లేవాడిని. దెబ్బ తగిలేది వాడి బదులు వచ్చేవాడికి.

పొద్దున ఐదుంపావుకి ఫోన్ వచ్చినప్పుడు

రూలు విరిగేది ఇక్కడే. ఓపెనింగ్ వాడికి జ్వరం, ఫోన్ ఐదుంపావుకి వస్తుంది. 'రూములోనే ఉన్నాడు కదయ్యా, లేపితే వస్తాడు' అన్నారు మా ఓనరు గారు రాత్రి క్లోజింగ్ చేసిన కుర్రాడి గురించి. స్టాఫ్ రూము దగ్గరుండటం వల్ల నిద్రకు ఎంత లాభమో పట్టికలో చూశాం. ఎప్పుడంటే అప్పుడు లేపడం వల్ల అదంతా పోతుంది.

మేము కౌంటర్ లోపల గోడకు ఒక కాగితం అంటించాం. ప్రతి రోజూ పొద్దున పిలవాల్సిన ఇద్దరి పేర్లు, వరసలో. మొదటి పేరు ఆ రోజు ఆఫ్ ఉన్నవాడిది. అదీ ముందు రోజు ఓపెనింగ్ చేసి మధ్యాహ్నం 3కే వెళ్లినవాడైతేనే. వస్తే అతని ఆఫ్ ఇంకో రోజుకు మారుతుంది, పోదు. రెండో పేరు మేనేజరుది, అంటే నాది. నేను ముందు రాత్రి క్లోజింగ్ దాకా ఉంటే ఆ రోజు నా పేరు ఉండదు, ఓనరు గారి పేరు ఉంటుంది. ఆయన పేరు రాసిన మొదటి రోజు కాస్త మొహం మాడ్చుకున్నారు కానీ చింపలేదు. ముందు రాత్రి మూసినవాడి పేరు ఆ కాగితం మీద ఎక్కడా ఉండదు.

ఇద్దరూ దొరకకపోతే? ఉన్నవాళ్లతోనే తెరుస్తాం. దోసె పెనం వెలిగించం. ఇడ్లీ, వడ, పొంగలి మాత్రం పెట్టి, 9 గంటలకు రెండో మాస్టర్ వచ్చాక దోసెలు మొదలుపెడతాం. గాజు తలుపు మీద చాక్‌తో 'దోసె 9 తర్వాత' అని రాసి పెట్టడానికి ఒక పలక కొన్నాం. నేనున్న ఏడాదిన్నరలో ఆ పలక నాలుగుసార్లు బయటికొచ్చింది.